విషయం: 14వ తేదీ ఇంటర్వ్యూ రోజే నాకు పరీక్ష ఉంది, వేరే రోజు ఇవ్వగలరా? (క్యూసీ ట్రైనీ కెమిస్ట్)

శ్రీనివాస్ గారికి నమస్తే,

నేను స్రవంతిని సర్, కామారెడ్డి నుంచి. బీఎస్సీ ఫైనలియర్. క్యూసీ ట్రైనీ కెమిస్ట్ పోస్టుకు మీరు పంపిన మెయిల్ చూశాను. పిలిచినందుకు చాలా థాంక్స్ సర్. కానీ మీరు రమ్మన్న మే 14 గురువారమే మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా నాకు ఆరో సెమిస్టర్ కెమిస్ట్రీ పేపర్ ఉంది. ఆ రోజు రాలేను. 15 శుక్రవారం గానీ, 19 మంగళవారం నుంచి ఏ రోజైనా గానీ ఇంటర్వ్యూ పెట్టగలరా?

ఇవాళ సాయంత్రం 5లోపు జవాబు ఇవ్వమన్నారు. నేను మెయిల్ చూసేసరికే 5:40 అయింది, క్షమించండి. ఇవాళ కూడా పేపర్ ఉండింది. ఫోన్లు హాల్లోకి రానివ్వరు. అందరి బ్యాగులూ మెట్ల కింద గుట్టగా పడేసి వెళ్లాలి. బయటికొచ్చి ఆ గుట్టలో నా బ్యాగు వెతుక్కుని ఫోన్ తీస్తే మీ మెయిలు, మీ నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్. వెంటనే చేశాను గానీ ఎవరూ ఎత్తలేదు, ఆఫీసు టైమ్ అయిపోయినట్టుంది. జవాబు రాలేదు కాబట్టి ఈ అమ్మాయికి ఇష్టం లేదేమో అని మాత్రం దయచేసి అనుకోకండి.

ఇంటర్వ్యూ పొద్దున 10కి, పేపర్ మధ్యాహ్నం 2కి కదా, రెండూ చేయొచ్చేమో అని బస్టాండులో కూర్చుని లెక్క వేసుకున్నాను. తెల్లవారే బస్సెక్కితే 10కల్లా పాశమైలారం చేరొచ్చు. వెనక్కి రావడమే కుదరదు. రాత పరీక్ష, టెక్నికల్ రౌండు, హెచ్ఆర్ రౌండు కలిపి 1 గంట దాకా పడుతుందని మీరే రాశారు. 1 గంటకు అక్కడ బయల్దేరితే, కారు మాట్లాడుకున్నా 2కి కామారెడ్డిలో ఉండలేను. మొదటి రౌండు రాసి మధ్యలో లేచి వస్తానని మిమ్మల్ని అడగడం నాకే బాగాలేదు.

మా ఫ్రెండ్ ఒకమ్మాయి, "ఇంటర్వ్యూకి పో, పేపర్ సప్లీలో రాసుకోవచ్చు" అంది. కానీ ఆ ఒక్క పేపర్ ఆగితే మళ్లీ సప్లిమెంటరీ పరీక్షలు పెట్టేదాకా, దాని రిజల్ట్ వచ్చేదాకా నాకు ప్రొవిజనల్ రాదు. ప్రొవిజనల్ లేకపోతే జాయిన్ చేసుకోబోమని మీ మెయిల్లోనే ఉంది. ఆ పేపర్ వదిలేసి మీ దగ్గరికి వచ్చినా, సెలెక్ట్ అయ్యాక మీరే నన్ను ఆపాల్సి వస్తుంది. ఇంకో మాట సర్, గురువారం పేపర్లో సగం క్రొమటోగ్రఫీ, స్పెక్ట్రోఫొటోమెట్రీనే. మీ టెక్నికల్ రౌండుకు చదవాల్సింది కూడా అదే కాబట్టి ఆ చదువు వృథా పోదు.

నన్నడిగితే 19 నుంచి అయితే మంచిది. 18 సోమవారం నా చివరి పేపర్, ఆ తర్వాత ఏ రోజు, ఏ టైమ్ చెప్పినా వస్తాను. ప్యానెల్ వాళ్లు ఈ వారమే ఉంటారంటే 15 శుక్రవారం కూడా నాకు సరే. గురువారం పేపర్ అవగానే బస్సెక్కి రాత్రికి బీరంగూడలో మా పెద్దమ్మ వాళ్లింటికి చేరతాను. అక్కడి నుంచి ప్లాంటు దగ్గరే కాబట్టి పొద్దున 9కి రమ్మన్నా ఆలస్యం కాదు. సోమవారం పేపర్‌కు శని, ఆదివారాలు ఉన్నాయి, ఆ ఇబ్బంది నేను చూసుకుంటాను. ఈ రెండూ కుదరకపోతే టెక్నికల్ రౌండు ఒక్కటైనా రేపు బుధవారం సాయంత్రం 7 తర్వాత ఫోన్లో గానీ వీడియో కాల్లో గానీ తీసుకోగలరేమో చూడండి. రాత పరీక్షకు తర్వాత వస్తాను.

మీరు అడిగిన మిగతా వాటికి కూడా ఇక్కడే జవాబు రాస్తున్నాను.

షిఫ్టులకు ఒప్పుకుంటాను. ఇంట్లో అడిగాను, రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సు ఉంటే నాన్నకు అభ్యంతరం లేదు. బస్సు బీరంగూడ వైపు వస్తుందో లేదో మాత్రం ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు అడుగుతాను.

ఒరిజినల్స్‌లో టెన్త్, ఇంటర్ మెమోలు, డిగ్రీ నాలుగు సెమిస్టర్ల మెమోలు నా దగ్గరున్నాయి. ఐదో సెమిస్టర్‌ది ఇంకా కాలేజీకి రాలేదు, ఆన్‌లైన్ ప్రింట్ తెస్తాను. ఆరో సెమిస్టర్ రిజల్ట్ వచ్చేదాకా బోనఫైడ్ ఒక్కటే ఇవ్వగలను.

హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేశారా అని అడిగారు. లేదు సర్. మా కాలేజీ ల్యాబులో ఆ మెషీన్ లేదు. సెకండియర్‌లో ఇండస్ట్రియల్ విజిట్‌కి వెళ్లినప్పుడు అద్దం ఇవతల నుంచి చూశాను, అంతే. మొబైల్ ఫేజ్, కాలమ్, రిటెన్షన్ టైమ్ గురించి అడిగితే చెప్పగలను గానీ సొంతంగా ఒక్క శాంపిల్ కూడా ఇంజెక్ట్ చేయలేదు. రెజ్యూమెలో "తెలుసు" అని రాసింది థియరీ వరకే, మీరు అడిగారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. చేత్తో చేసింది టైట్రేషన్లు, పీహెచ్ మీటరు, కలరీమీటరు. టైట్రేషన్ మీద మా మేడం గట్టిగా పట్టుబట్టేవారు. పర్మాంగనేట్ అయితే రంగు ముదురుగా ఉండి కింది వంపు కనపడదు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు దగ్గర రీడింగ్ తీయాలి, ఫినాఫ్తలీన్ అయితే లేత గులాబీ రంగు రాగానే ఆపేయాలి. ముదురు గులాబీ వచ్చిందంటే ఫ్లాస్కు పారబోసి మళ్లీ మొదటి నుంచి. వరసగా రెండు రీడింగులు కలిసేదాకా ల్యాబు వదలనిచ్చేవారు కాదు. అప్పుడు విసుగొచ్చేది గానీ ఈసారి ప్రాక్టికల్స్‌లో నా చేయి వణకలేదు. మెషీన్ మీద ట్రైనింగ్ మీరు ఇస్తామన్నారు కాబట్టే ఈ పోస్టుకు అప్లై చేశాను.

హాల్ టికెట్, టైమ్ టేబుల్ ఫోటోలు ఈ మెయిల్‌కు జతచేశాను. టైమ్ టేబుల్‌లో 14, 18 తేదీల చుట్టూ పెన్నుతో గీసి పెట్టాను.

రేపు రోజంతా ఫోన్ నా దగ్గరే ఉంటుంది, ఎప్పుడైనా చేయండి. గురువారం, సోమవారం మాత్రం మధ్యాహ్నం 1:30 నుంచి 5:15 దాకా బ్యాగు మళ్లీ ఆ మెట్ల కిందే ఉంటుంది. ఆ టైమ్‌లో చేయాల్సి వస్తే ఒక మెసేజ్ పెట్టండి, బయటికి రాగానే నేనే చేస్తాను. రెజ్యూమెలో ఉన్న నంబరే, వాట్సాప్ కూడా దానికే. శుక్రవారానికి ఖాయమైతే గురువారం మధ్యాహ్నం 1లోపు తెలిస్తే బట్టలూ సర్టిఫికెట్లూ పరీక్షకే పట్టుకెళ్లి అటునుంచి అటే బస్టాండుకు వెళ్తాను.

ఇట్లు,
స్రవంతి
బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) ఫైనలియర్
కామారెడ్డి
12 మే 2026