మగ్గం వర్కు మార్కెట్‌ప్లేస్: వ్యాపార నమూనా, తొలి దశ ప్రణాళిక

మా వేదికకు ఒక వైపు బ్లౌజులపై మగ్గం వర్కు చేసే చిన్న కార్ఖానాలు, మరో వైపు ఆ పని చేయించుకునే కుటుంబాలు ఉంటాయి. గుడ్డను, ఆది బ్లౌజును ఇంటి నుంచి తీసుకెళ్లడం, డిజైను, ధర, గడువు ముందే రాతపూర్వకంగా ఖరారు చేయడం, పని అందాక కార్ఖానాకు సొమ్ము చేర్చడం మా బాధ్యత. కార్ఖానా నుంచి 12 శాతం కమీషన్ తీసుకుంటాము. కొనుగోలుదారు నుంచి ఏమీ తీసుకోము.

కార్ఖానాలు లేని యాప్‌ను కుటుంబాలు తెరవవు, ఆర్డర్లు రాని యాప్‌లో కార్ఖానాలు చేరవు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత వంటి ఈ చిక్కును విప్పడానికి మేము ఎంచుకున్న సాధనం పంచాంగమే. ముహూర్తాల నెలల్లో పేరున్న మాస్టర్లు కొత్తవారి మాట వినే తీరికలో ఉండరు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక మగ్గాలు ఖాళీగా ఉంటాయి. అదే నెలలో చీరల దుకాణాలు తగ్గింపు ధరలు ప్రకటిస్తాయి, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికీ పెళ్లిళ్లకూ కావలసిన చీరలు చాలామంది అప్పుడే కొంటారు. అందుకే ఆషాఢంలో, ఒక్క కూకట్‌పల్లి–నిజాంపేట ప్రాంతంలోనే ప్రారంభిస్తాము.

తొలుత 24 కార్ఖానాలను చేర్చుకొని, ఆ నెలకు ఒక్కొక్కదానికి రూ.12,000 కనీస ఆదాయానికి హామీ ఇస్తాము. ఒక్క ఆర్డరూ రాకపోయినా మా గరిష్ఠ భారం రూ.2,88,000. సగటు ఆర్డరు రూ.2,500 అనుకుంటే కార్ఖానాకు రూ.2,200 మిగులుతుంది, ఒక్కొక్కదానికి ఆరు చొప్పున 144 ఆర్డర్లు సమానంగా పంచగలిగితే హామీ సొమ్ము తీయవలసిన అవసరమే రాదు. ఎంపికను వినియోగదారులకే వదిలితే ఆర్డర్లన్నీ నలుగురైదుగురు మాస్టర్ల దగ్గరే పోగుపడతాయి కాబట్టి, మొదటి నెల ఏ పని ఎవరికివ్వాలో మేమే నిర్ణయిస్తాము. ఇది మార్కెట్‌ప్లేస్ స్వభావానికి కొంత విరుద్ధమే అయినా, తెలిసే చేస్తున్నాము.

కొనుగోలుదారుల కోసం ప్రకటనలపై ఖర్చు పెట్టము. ఆ ప్రాంతంలోని ఆరు చీరల దుకాణాలలో బిల్లు కౌంటరు పక్కనే మా ప్రతినిధి నమూనా పనితో కూర్చుంటారు; కుదిరిన ప్రతి ఆర్డరుపై దుకాణానికి రూ.100 చెల్లిస్తాము.

అసలు ప్రమాదం రెండో ఆర్డరు దగ్గర ఉంది. పరిచయమయ్యాక ఇరువురూ మమ్మల్ని తప్పించి నేరుగా మాట్లాడుకోవడం సహజం, దాన్ని నిబంధనలతో ఆపగలమన్న భ్రమ మాకు లేదు. అదే కుటుంబం అదే కార్ఖానాకు మళ్లీ ఇచ్చే పనిపై కమీషన్‌ను 5 శాతానికి తగ్గిస్తాము. పని చెడితే గుడ్డ ఖరీదు రూ.3,000 వరకు భరిస్తాము, ఈ రక్షణ మా ద్వారా వచ్చిన ఆర్డర్లకే వర్తిస్తుంది.

వరుసగా ఎనిమిది వారాలు పదింట తొమ్మిది ఆర్డర్లు గడువులోగా అందితేనే దిల్‌సుఖ్‌నగర్‌కు విస్తరిస్తాము.