బిల్లు మార్చి ఇవ్వాలండీ, నంబర్ 1186

రమేష్ గారూ నమస్తే, విజయవాడ నుంచి శ్రీ సాయి ప్రింటర్స్ సుధనండి. సెప్టెంబర్ 24న మీరు పంపిన ఇంకు బాగానే వచ్చింది, 20 క్యాన్లూ లెక్క సరిపోయింది, ఒక్కటి కూడా లీక్ అవలేదు. డబ్బులు 44,840 కూడా అదే రోజు వేసేశాం. చిక్కల్లా బిల్లుతోనే వచ్చిందండి.

నిన్న మా ఆడిటర్ గారికి బిల్లులన్నీ పంపితే మీది ఒక్కటీ పక్కన పెట్టేశారు. చూస్తే పైన మా ఖమ్మం బ్రాంచి అడ్రస్, 36తో మొదలయ్యే జీఎస్టీ నంబర్ ఉన్నాయి. పోయినేడు ఖమ్మానికి సరుకు పంపారు కదా, మీ ట్యాలీలో మా పేరు కొట్టగానే ఆ పాత వివరాలే వచ్చేసుంటాయి. ఈసారి ఆర్డర్ ఇచ్చింది, సరుకు దిగింది, డబ్బు కట్టింది అన్నీ గవర్నర్‌పేట షాపే, మా నంబర్ 37తో మొదలవుతుంది. పాన్ ఒకటే గానీ రిజిస్ట్రేషన్లు వేరు కాబట్టి ఖమ్మం పేరున పడ్డ ఇన్‌పుట్ ఇక్కడ వాడుకోవడానికి లేదండి.

ఇంకోటి, నంబర్ ఒక్కటే మారిస్తే సరిపోదు. హైదరాబాద్ నుంచి ఆంధ్రాకి వచ్చిన సరుకు కాబట్టి సీజీఎస్టీ 3,420, ఎస్‌జీఎస్టీ 3,420 తీసేసి ఐజీఎస్టీ 6,840 అని ఒకే లైన్లో రావాలి, ప్లేస్ ఆఫ్ సప్లై ఆంధ్రప్రదేశ్ అని ఉండాలి. మొత్తం ఏం మారదు, మీకు గానీ నాకు గానీ రూపాయి తేడా ఉండదు. పేరు కూడా "శ్రీ సాయి ప్రింట్స్" అని పడింది, "ప్రింటర్స్" అని పెట్టించండి. మా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫొటో దీని వెనకే పంపుతున్నా, అందులో చూసి కొట్టమనండి, ఫోన్లో చెబితే బి, డి కలిసిపోయి మళ్ళీ మొదటికొస్తుంది.

మీది మంత్లీ కదా, సెప్టెంబర్ జీఎస్టీఆర్-1 ఇంకా వేసుండరనుకుంటా, 11 దాకా టైమ్ ఉంది. వెయ్యకముందే అయితే అదే నంబర్, అదే తేదీతో సరిచేసి ఇస్తే చాలని మా ఆడిటర్ గారన్నారు, బిల్లు మీద క్యూఆర్ కోడ్ లేదు కాబట్టి ఈ-ఇన్‌వాయిస్ గొడవ కూడా లేదు. అప్పుడు 14న మా 2బీలో కనబడుతుంది, 20లోపు 3బీలో తీసేసుకుంటాం. ఒకవేళ ఇప్పటికే వేసేసి ఉంటే మాత్రం ఏమీ మార్చకుండా ముందు నాకు ఒక్క ఫోన్ చెయ్యండి, ఆడిటర్ గారిని మీ అకౌంటెంట్‌తో మాట్లాడిస్తా.

ఎల్లుండి మంగళవారం సాయంత్రానికి పీడీఎఫ్ ఇదే వాట్సాప్‌లో పెట్టండి, ఒరిజినల్ తర్వాత పార్శిల్‌తో వచ్చినా పర్లేదు. నా దగ్గరున్న పాత కాపీ మీద క్యాన్సిల్ అని రాసి తిరిగి పంపించేస్తాను. దీపావళి ఫ్లెక్సుల ఆర్డర్లు మొదలయ్యాయి, ఇంకో 15 క్యాన్లు కావాలి, అవి కూడా విజయవాడ నంబర్ మీదే వేయించండి.