కళ్యాణదుర్గం వేరుశనగ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ: నియమావళి ముసాయిదా

ఈ నియమావళి కంపెనీల చట్టం, 2013లోని 21ఎ అధ్యాయానికి లోబడి ఉంటుంది. ఇందులోని ఏ నియమమైనా చట్టానికి విరుద్ధమైతే చట్టమే చెల్లుతుంది.

సభ్యత్వం

1. కళ్యాణదుర్గం మండలంలో వేరుశనగ సాగుచేస్తూ, పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి వ్యక్తీ సభ్యత్వానికి అర్హులు. పట్టాదారు పాసుపుస్తకం లేదన్న కారణంతో కౌలు రైతు దరఖాస్తును తిరస్కరించరాదు. పంట సాగుదారు హక్కు పత్రం గానీ, ఈ-పంట నమోదు గానీ, ఆ రెండూ లేనప్పుడు పక్క చేల రైతులు ఇద్దరు రాసి ఇచ్చిన ధ్రువీకరణ గానీ సాగుకు రుజువుగా చాలుతుంది. ఈ కంపెనీ పండించేవారిది కనుక, భూమి ఉన్నా సాగు చేయనివారికి ఇందులో సభ్యత్వం లేదు.

2. వేరుశనగ కొనుగోలు వ్యాపారం చేసేవారు, కమీషన్ ఏజెంట్లు, కంపెనీ ప్రయోజనాలకు విరుద్ధమైన వ్యాపారం ఉన్న మరెవరైనా సభ్యులు కారాదు.

3. సభ్యుడు వరుసగా రెండేళ్లు కంపెనీకి పంట అమ్మకపోతే, బోర్డు రాతపూర్వకంగా సంజాయిషీ కోరి, అతని వాదన విన్న తరువాతే సభ్యత్వం రద్దుపై నిర్ణయం తీసుకోవాలి. కరువు వల్ల పంట చేతికి రాని ఏడాదిని ఈ లెక్కలో చేర్చరాదు.

ఓటు హక్కు

4. వాటాలు ఎన్ని ఉన్నా సభ్యునికి ఒకే ఓటు. భార్య పేర సభ్యత్వం ఉన్నచోట భర్త హాజరును సభ్యురాలి హాజరుగా నమోదు చేయరాదు.

5. సర్వసభ్య సమావేశానికి కనీసం పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం సభ్యులలో నాలుగో వంతు హాజరైతే కోరం ఉన్నట్లు.

వాటా మూలధనం

6. అధీకృత మూలధనం రూ.10 లక్షలు, దీనిని రూ.10 చొప్పున లక్ష ఈక్విటీ వాటాలుగా విభజించడమైనది. ప్రతి సభ్యుడూ కనీసం 100 వాటాలు తీసుకోవాలి. ఆ రూ.1,000 ఒకేసారి చెల్లించలేనివారు రెండు వాయిదాలలో చెల్లించవచ్చు, అయితే మొత్తం చెల్లించిన తరువాతే వాటాలు కేటాయించబడతాయి.

7. బోర్డు ముందస్తు అనుమతితో, ముఖవిలువకే, మరో క్రియాశీల సభ్యునికి మాత్రమే వాటాలు బదిలీ చేయవచ్చు. సభ్యత్వం పొందిన మూడు నెలల్లోగా నామినీని నమోదు చేయాలి. సభ్యుడు మరణించినప్పుడు వాటాలు నామినీకి చెందుతాయి; నామినీ రైతు కాకపోతే, బోర్డు వాటిని ముఖవిలువకు వెనక్కి తీసుకోవాలి.

వివాదాల పరిష్కారం

8. తూకం, తేమ శాతం, గింజ నాణ్యతపై అభ్యంతరం ఉన్న సభ్యుడు సరుకు దించిన చోటే, అదే రోజు చెప్పాలి. అప్పుడు ఇరుపక్షాల ఎదుట నమూనా తీసి, రెండు సంచులలో సీలు వేసి, ఒకటి సభ్యునికి, ఒకటి కంపెనీకి ఉంచాలి. వివాదం లేని మేరకు సొమ్మును ఏడు రోజుల్లో చెల్లించి తీరాలి. తగవు తేలలేదన్న సాకుతో రైతు డబ్బు మొత్తాన్ని నిలిపివేసే అధికారం బోర్డుకు గానీ, సీఈఓకు గానీ లేదు.

9. ఇతర వివాదాలను సర్వసభ్య సమావేశం ఎన్నుకున్న ముగ్గురు సభ్యుల రాజీ సంఘం ముప్పై రోజుల్లో విచారిస్తుంది. అందులో కనీసం ఒకరు మహిళ, ఒకరు కౌలు రైతు అయి ఉండాలి. వివాదంతో సంబంధం ఉన్న డైరెక్టరు గానీ, ఆయన బంధువు గానీ ఆ విచారణలో కూర్చోరాదు.

10. రాజీ కుదరకపోతే, మధ్యవర్తిత్వ, రాజీ చట్టం, 1996 ప్రకారం వివాదాన్ని మధ్యవర్తికి నివేదించాలి. విచారణ కళ్యాణదుర్గంలో, తెలుగులో జరగాలి.