2023–24 లాభ సమన్వయ పట్టిక: మేనేజింగ్ పార్టనర్ గారికి వివరణ

అయ్యా,

కాస్ట్ పుస్తకాల్లో లాభం రూ.18,60,000 ఉంటే ఆడిటర్ ఇచ్చిన లెక్కలో రూ.16,64,000 ఎందుకుందని మొన్న అడిగారు. తేడా రూ.1,96,000. ఏ పుస్తకంలోనూ తప్పు లేదు, ఒక్కో పైసా ఎక్కడ పోయిందో కింద చూపాను.

| వివరం | రూ. |
|---|---|
| కాస్ట్ పుస్తకాల ప్రకారం లాభం | 18,60,000 |
| కలపాలి: ఎక్కువగా రాబట్టిన ఆఫీసు ఓవర్‌హెడ్ | 32,000 |
| కలపాలి: ప్రారంభపు సరుకు విలువలో తేడా | 18,000 |
| కలపాలి: బ్యాంకు డిపాజిట్ వడ్డీ | 14,000 |
| తీసివేయాలి: తక్కువగా రాబట్టిన ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ | 75,000 |
| తీసివేయాలి: ముగింపు సరుకు విలువలో తేడా | 46,000 |
| తీసివేయాలి: బ్యాంకు అప్పు వడ్డీ | 1,12,000 |
| తీసివేయాలి: పాత యంత్రం అమ్మకంలో నష్టం | 27,000 |
| ఆర్థిక ఖాతాల ప్రకారం లాభం | 16,64,000 |

వడ్డీలు, యంత్రం నష్టం పంపు తయారీ ఖర్చులు కావు, కాబట్టి కాస్ట్ పుస్తకాల్లోకి రావు. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మీరు గట్టిగా చూడాల్సింది ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్. ఏడాది మొదట్లో 4,300 మెషిన్ గంటలు, రూ.10,10,500 ఖర్చు అనుకుని గంటకు రూ.235 రేటు కట్టాం. లేత్ రెండుసార్లు ఆగిపోవడంతో నడిచింది 4,000 గంటలే. అంటే పంపుల మీద వేసింది రూ.9,40,000, అయిన ఖర్చు రూ.10,15,000. షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం, తరుగుదల యంత్రం ఆగినా ఆగవు కదా. ఆ 300 గంటలకే రూ.70,500 పోయింది. ఖర్చు పెరిగింది కేవలం రూ.4,500. కాబట్టి స్టోర్స్ వాళ్లనీ, కరెంటు బిల్లునీ తప్పుపట్టడం న్యాయం కాదు. ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం రెండు నెలలు ఖాళీగా ఉండటంతో రూ.32,000 మిగిలింది.

ఇక సరుకు. గోడౌన్‌లో పాత మోడల్ పంపులు 40 ఉన్నాయి. కాస్ట్ పుస్తకం ఒక్కోదానికి తయారైన ఖర్చే, రూ.4,850 చూపిస్తుంది. డీలర్ కమిషన్ పోగా చేతికొచ్చేది రూ.3,700. ఖర్చు, చేతికొచ్చే ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాన్నే తీసుకోవాలని అకౌంటింగ్ స్టాండర్డ్-2 చెబుతుంది. అందుకే పంపుకు రూ.1,150 చొప్పున రూ.46,000 తగ్గింది. ముగింపు సరుకు కాస్ట్‌లో రూ.5,64,000, ఆర్థిక ఖాతాల్లో రూ.5,18,000.

ప్రారంభపు సరుకులో తేడా మాత్రం ఎదురు దిశలో పనిచేస్తుంది. నిరుడు కాస్ట్‌లో సరుకు మీద ఆఫీసు ఖర్చు కూడా వేశాం. ఆర్థిక ఖాతాలు దాన్ని ఒప్పుకోక రూ.18,000 తక్కువ చూపాయి. ప్రారంభపు సరుకు తగ్గితే లాభం పెరుగుతుంది కనుక కలిపాం. ఈ ఏడాది నుంచి ఆ పద్ధతి మానేశాం.

లేత్ మరమ్మతు ఒప్పందం కాగితాలు దీంతోపాటే పెడుతున్నాను. ఆ 40 పంపులను ఖరీఫ్ సీజన్‌లోనే వదిలించుకోవడానికి దయచేసి అనుమతి ఇవ్వండి.

ఇట్లు,
కాస్ట్ అకౌంటెంట్