మిరప చేనులో తేమ చూసి డ్రిప్ తెరిచే డబ్బా: మినీ ప్రాజెక్టు రిపోర్టు

ఈసీఈ డిప్లొమా చివరి ఏడాది, నలుగురి బ్యాచ్. పని చేసిన చోటు: పరకాల దగ్గర మా బ్యాచ్‌మేట్ వాళ్ళ మిరప చేను, రెగడి నేల.

సారాంశం

నేలలో తేమ తగ్గితే డ్రిప్ వాల్వు తెరుచుకోవాలి, సరిపడా తడిస్తే మూసుకోవాలి. ఆర్డుయినో యూనో, కెపాసిటివ్ తేమ సెన్సర్, రిలే, 12 వోల్టుల సోలెనాయిడ్ వాల్వులతో ఈ డబ్బా చేసి ఒక సాలు మీద 12 రోజులు నడిపాం. సర్క్యూట్ కలపడానికి రెండు రోజులే పట్టింది. సెన్సర్ ఇచ్చే అంకె మా రెగడిలో ఎంత తేమకు సమానమో తేల్చడానికి మాత్రం మూడు వారాలు పట్టింది, కాబట్టి రిపోర్టులో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం. తేమ అంచనా ఓవెన్ లెక్కకు 4 శాతం పాయింట్ల లోపు తేడాతో వచ్చింది. దిగుబడి మీద ప్రభావం చూడలేదు.

బ్లాక్ డయాగ్రం

```
[తేమ సెన్సర్] --A0--> [ఆర్డుయినో యూనో] --D7--> [రిలే] --> [వాల్వు] --> డ్రిప్ సాలు
                            ^                      ^
                            |                      |
                      [12 వోల్టుల బ్యాటరీ, 7 ఏహెచ్]
```

బోరు మోటారును ముట్టుకోలేదు. అది త్రీఫేజ్, మా రిలే మాడ్యూల్ దాని కోసం కాదు. వాల్వు మామూలుగా మూసి ఉండే రకం, బ్యాటరీ అయిపోతే దానంతటదే మూసుకుంటుంది.

ఎలా పనిచేస్తుంది

యూనో సెన్సర్ వోల్టేజిని 0 నుంచి 1023 మధ్య అంకెగా మారుస్తుంది. ఈ రకం సెన్సర్‌లో నేల ఎండేకొద్దీ అంకె పెరుగుతుంది, మొదట్లో మేమే దీన్ని తిరగేసి అర్థం చేసుకుని తడిసిన మట్టికి నీళ్ళు వదిలాం. అసలు ముందు కొన్నది రెండు పుల్లల రెసిస్టివ్ సెన్సర్. దానికి రోజంతా కరెంటు ఇచ్చి ఉంచితే మట్టిలో ఎలక్ట్రోలిసిస్ జరిగి తొమ్మిదో రోజుకు ఒక పుల్ల పూత మొత్తం పోయింది, అందుకే మార్చాం.

కాలిబ్రేషన్‌కు చేలోంచి మట్టి తెచ్చి వేర్వేరు పాళ్ళలో తడిపి, ఒక్కోదాంట్లో సెన్సర్ గుచ్చి అంకె రాసుకున్నాం. తర్వాత అదే మట్టిని తూచి, సివిల్ వాళ్ళ సాయిల్ ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్ళీ తూచాం. పోయిన నీటి బరువును ఎండిన మట్టి బరువుతో భాగిస్తే తేమ శాతం. 12 శాతానికి 520, 20కి 430, 28కి 350 వచ్చాయి. అదే సెన్సర్‌ను హాస్టల్ వెనక చెల్క మట్టిలో గుచ్చితే ఈ అంకెలు పనికిరాలేదు.

```
int v = analogRead(A0);
if (v > 430) digitalWrite(7, LOW);
if (v < 350) digitalWrite(7, HIGH);
```

రిలే `LOW` ఇస్తేనే పడుతుంది. రెండు హద్దుల మధ్య ఖాళీ కావాలనే ఉంచాం, ఒకే హద్దు పెడితే రిలే టకటకా కొట్టుకుంది.

ఫలితాలు

12 రోజుల్లో వాల్వు 5 సార్లు తెరుచుకుంది, మొత్తం 6 గంటల 10 నిమిషాలు. సాలుకు 40 డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 4 లీటర్లు, అంటే దాదాపు 987 లీటర్లు. పక్క సాలుకు అలవాటు ప్రకారం రోజూ గంట వదిలారు, 1,920 లీటర్లు. దాదాపు సగం మిగిలినట్టు కనిపిస్తుంది కానీ మేం అలా రాయడం లేదు, ఎందుకంటే పక్క సాలుకు అంత నీళ్ళు అవసరమా లేదా అన్నది మేం కొలవలేదు. పైగా రెండూ డ్రిప్పర్ మీద రాసిన లెక్కతో కట్టినవే, మీటరు పెట్టలేదు.

ఆరుసార్లు మట్టి తెచ్చి ఓవెన్‌తో సరిచూశాం. ఐదుసార్లు తేడా 2 పాయింట్ల లోపే. ఆరోసారి 4 వచ్చింది, ఆ రోజు సెన్సర్ పక్కనే నేల పగిలి ఉంది.

పరిమితులు

రెగడి ఎండితే నెర్రెలు బారుతుంది. సెన్సర్‌కూ మట్టికీ మధ్య గాలి చేరితే ఉన్నదానికంటే ఎండినట్టు చూపిస్తుంది, అప్పుడు నీళ్ళు ఎక్కువ వదులుతుంది. ఎండాకాలంలో ఇది ఇంకా పెద్ద సమస్య, మేం చూసింది జనవరి నెలలోనే.

సాలు మొత్తానికి ఒకటే సెన్సర్. డ్రిప్పర్‌కు జానెడు దూరంలో గుచ్చాం, చోటు మారితే అంకె మారుతుంది.

బ్యాటరీ నాలుగో రోజుకు ఛార్జింగ్‌కు ఇంటికి మోయాల్సి వచ్చింది. సోలార్ ప్యానెల్ అనుకున్నాం, డబ్బులు సరిపోలేదు.

అన్నిటికంటే ప్రమాదమైంది ఇది: పరీక్ష మొదలుపెట్టక ముందు ఒక రాత్రి ఎలుక సెన్సర్ వైరు కొరికింది. A0 గాల్లో వేలాడుతూ ఏవేవో అంకెలు చదివింది, తెల్లారి చూస్తే వాల్వు తెరిచే ఉంది. మోటారు ఆపి ఉంది కాబట్టి నీళ్ళు పారలేదు. 12 రోజుల లెక్కలో ఆ రాత్రి లేదు. రెండు గంటలు దాటితే వాల్వు తనంతట మూసుకునేలా కోడ్‌లో పెట్టాలి, ఈ రిపోర్టు ఇచ్చే నాటికి అది రాయలేదు. అందుకని రాత్రిపూట డబ్బాను ఆపేసే ఉంచాం.