‘లమ్మా బదా యతథన్నా’: పాడుకోవడానికి తెలుగు పాఠం

అక్కా,

అడిగిన పాఠం పంపుతున్నాను. ముందు అరబ్బీ చూడు, దాని కిందే మనది.

లమ్మా బదా యతథన్నా
హుబ్బీ జమాలుహ్ ఫతన్నా
ఔమా బిలహ్‌జిహ్ అసర్‌నా
ఘుస్నున్ థనా హీన మాల్
(అమాన్ అమాన్ అమాన్ అమాన్)
వఅదీ వ యా హైరతీ
మన్ లీ రహీము షక్వతీ
ఫిల్ హుబ్బి మిన్ లౌఅతీ
ఇల్లా మలీకుల్ జమాల్

ఊగాడి వచ్చిన వేళా
నా ప్రేమ అందాల లీలా
ఓ చూపు సంకెళ్ళ మాలా
లేకొమ్మ వంగేటి వాలు
(అమాన్ అమాన్ అమాన్ అమాన్)
నా రాత, ఏ దారి నాదీ
నా గోడుపై ఎవరి జాలీ
ఈ ప్రేమలో మంట నాదీ
అందాలనేలే దయాళు

అసలు అర్థం ఇది: ‘నా ప్రేమ ఊగుతూ కనబడగానే ఆ అందం మమ్మల్ని మాయ చేసింది. కనుసైగతో బందీలను చేసింది. వాలినప్పుడు వంగిన కొమ్మ అది. నా రాతా, నా దిక్కుతోచనితనమా! ప్రేమలో ఈ వేదన మొరపెట్టుకుంటే కరుణించేవారెవరు, ఆ అందాల ఏలిక తప్ప?’

ఇది మువష్షహ్. అరబ్బులు ఏలిన స్పెయిన్, అంటే అండలూసియాలో పుట్టిన పాటల ప్రక్రియ. తాళం సమాయీ థకీల్, ఆవర్తానికి పది అక్షరాలు, 3+2+2+3గా విరుగుతుంది. ‘దుమ్’ అనే బరువు దెబ్బ 1, 6, 7 మీద, ‘తక్’ అనే తేలిక దెబ్బ 4, 8 మీద పడతాయి. ఖండచాపు అలవాటున్న నీకు పది లెక్క కొత్త కాదు గానీ, విరుపు వేరు. 5+5గా కొడితే పాట కుంటుతుంది. మకామ్, అంటే మన రాగం లాంటిది, నహావంద్. మన కీరవాణికి దగ్గరే కాబట్టి స్వరాల గురించి నాకు టెన్షన్ లేదు.

నా తిప్పలన్నీ గురులఘువులతోనే. ‘హుబ్బీ జమాలుహ్ ఫతన్నా’కు గణవిభజన చేసి చూడు: UUI UUI UU. రెండు తగణాలు, రెండు గురువులు. మన ఛందస్సు పుస్తకంలోంచి లేచి వచ్చినట్టుంది! మొదటి పాదంలో మాత్రం రెండో తగణం మొదట ఉండాల్సిన రెండు గురువుల్లో ఒకటి లఘువైంది: UUI UII UU. ‘యత’ దగ్గర గొంతు చప్పున జారేది అందుకే. ముందు ‘వచ్చేటి వేళా’ అని రాశాను. ఆ జారుడు పోయింది. ‘వచ్చిన’ అనగానే అక్షరం తర్వాత అక్షరం సరిపోయింది, భూతకాలం కూడా దక్కింది. ఆ పూటకి ఇంకేమీ రాయలేదు, అంత సంతోషం.

‘అసర్‌నా’కి మొదట ‘ఓ చూపుతో ఖైదు చేసె’ అని రాశాను. లెక్క బాగానే ఉంది, పైగా ఖైదు అరబ్బీ మాటే. కానీ తెలుగులో అది పోలీసు స్టేషన్ వాసన కొడుతుంది. ‘హైరతీ’ దగ్గరా అంతే. మన ‘హైరానా’ దాని చుట్టమే, కానీ మన దగ్గర అది క్యూలో నిలబడ్డవాడి అలసట. చుట్టరికం చూసి పిలిస్తే పాట పాడైపోతుంది. రెంటినీ తీసేశాను. సంకెళ్ళు ‘మాల’ అయ్యాయంటే అది నా కల్పన, ఒప్పుకుంటాను. మూడో పాదం చివర సాగదీయడానికి నీకు ‘ఆ’ కావాలి, అందుకే.

నాలుగో పాదం మాత్రం అదృష్టం. ‘మాల్’ అంటే వాలింది. మనకి ‘వాలు’ ఉంది. అర్థమూ అదే, చప్పుడూ దాదాపు అదే. అరబ్బీ హల్లు మీద ఆగుతుంది, మన మాటకు చివర ‘ఉ’ తప్పదు. ‘వా’ని పూర్తిగా పట్టి, ‘లు’ని వినీ వినపడనట్టు వదిలెయ్. ఎనిమిదో పాదంలో ‘దయాళు’కీ అంతే.

అరబ్బీలో 5, 6, 7 పాదాలు ‘ఈ’తో ముగుస్తాయి, దాని అర్థం ‘నా’. తెలుగులో ‘నా’ మాటకి ముందొస్తుంది కదా, అంత్యప్రాస ఎలా? ‘నాదీ’ అంటే ఆ ‘ఈ’ చివరనే నిలిచింది. 5, 7 పాదాల్లో అదే మాట రెండుసార్లు వచ్చింది. అతుకులా అనిపిస్తే చెప్పు, నాకైతే పల్లవిలా వినిపిస్తోంది. ఆరో పాదం నడక అరబ్బీలోనే కొంచెం తేడా, మనదాంట్లో ఒక మాత్ర ఎక్కువ. ‘ఎవరి’ని గబుక్కున అనేసి ‘జాలీ’ మీద నిలబడు.

ఇంకో సంగతి. అరబ్బీలో ప్రియమైనవారికి పుంలింగమే వాడారు, ఆడవాళ్ళ గురించైనా ఈ పాటల్లో అలా రాయడం మామూలే. తెలుగులో వాడా, ఆమెనా తేల్చకుండా ఉండాలని ‘వచ్చిన’, ‘ఏలే’, ‘దయాళు’ వాడాను. నువ్వు పాడినా బావ పాడినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ‘తప్ప’ అన్న మాట మాత్రం దక్కలేదు. ఎవరి జాలి అని అడిగి, చివర జవాబుగా ఏలికని నిలబెట్టి సరిపెట్టాను.

‘అమాన్’ని ముట్టుకోలేదు. ‘శరణ్ శరణ్’ అని చూశాను, భజన అయిపోయింది.

ఒక్కసారి తాళం వేసుకుని, గొంతు ఎక్కడ తట్టుకుంటుందో ఆ అక్షరం కింద గీత పెట్టి ఫోటో పంపు. ‘సంకెళ్ళ’ దగ్గర తట్టుకుంటుందని నా అనుమానం.