వయోజన అక్షరాస్యత కార్యక్రమం: మార్పు సిద్ధాంతం, తార్కిక నమూనా, సామాజిక రాబడి

మార్పు సిద్ధాంతం

చదువు రాని పెద్దలకు వారానికి 3 సాయంత్రాల చొప్పున 9 నెలలు, వాళ్ల రోజువారీ కాగితాలతోనే చదవడం నేర్పితే, ఆ కాగితాల కోసం ఇతరుల మీద ఆధారపడటం తగ్గుతుంది. అది తగ్గితే మోసపోవడమూ తగ్గుతుంది, సొంత నిర్ణయాలు పెరుగుతాయి. ఈ గొలుసులో మేము అనుమానించే లంకె ఒకటే: తరగతి ముగిశాక కూడా చదువుతారనే నమ్మకం. ఇంట్లో చదవడానికి ఏమీ లేకపోతే నేర్చిన అక్షరం నిలవదు.

తార్కిక నమూనా

వనరులు: 2 జీతపు ఉద్యోగాలు, 14 మంది స్వచ్ఛంద బోధకులు, పాఠ్య సామగ్రి, తరగతి గదులు. కార్యకలాపాలు: తరగతులు, బోధకులకు శిక్షణ, మానేసిన వారి ఇళ్లకు వెళ్లి పలకరించడం. ప్రత్యక్ష ఫలితాలు: చేరినవారు 120, చివరిదాకా వచ్చినవారు 78. ఈ రెండు అంకెలనే విజయంగా చూపడం తేలిక. కానీ అవి హాజరు లెక్కలు మాత్రమే.

అసలు ఫలితానికి కొలమానం ఇది: ముందెప్పుడూ చూడని మందు చీటీ చేతికిచ్చి, రోజుకు ఎన్నిసార్లు, తిన్నాకా తినకముందా అని అడుగుతాం. ఒకామె వేలు అక్షరాల కింద జరుపుతూ, సగంలో ఆగి, మళ్లీ మొదటికి వచ్చి, సరిగ్గా చెప్పింది. నెమ్మదికి మార్కులు తగ్గించలేదు. 78 మందిలో 54 మంది నెగ్గారు. ఆరు నెలల తర్వాత అదే పరీక్షలో నిలిచినవారు 40 మంది. దీర్ఘకాలిక ప్రభావం గురించి ఇప్పుడే చెప్పడం తొందరపాటు.

సామాజిక రాబడి

మొత్తం పెట్టుబడిని 100 అనుకుందాం. ఇందులో 35 స్వచ్ఛంద బోధకుల సమయం విలువ. నేర్చుకున్నవారితో మాట్లాడి, ఆదా అయిన రుసుములు, పెరిగిన ఆదాయం వంటివాటికి కట్టిన మొదటి ఏడాది విలువ 260. కార్యక్రమం లేకున్నా జరిగేది 25 శాతం అనుకుని తీసేస్తే 195. ఇంట్లో పిల్లల సాయం, ఇతర తరగతుల వాటా 40 శాతం తీసేస్తే 117. రెండో ఏడాది ప్రభావం 40 శాతం తగ్గి, దాన్ని నేటి విలువకు మార్చే 5 శాతం తగ్గింపు రేటుతో సుమారు 67. రెండూ కలిపి 184. అంటే నిష్పత్తి 1.84కి 1.

కార్యక్రమం లేకున్నా జరిగేది 40 శాతం అనుకుంటే ఇది 1.47కి దిగుతుంది. బోధకుల సమయాన్ని ఖర్చులోంచి తొలగిస్తే 2.83కి ఎగబాకుతుంది. ఆ చివరి అంకెను దాతలకు చూపించం. ఉచితంగా వచ్చిన శ్రమను ఖర్చు కాదనడం లెక్కల గారడీ. ఆత్మగౌరవానికి విలువ కట్టలేదు. ఏ పద్ధతిలో కట్టినా అది మాకు నచ్చిన అంకెగానే మిగులుతుంది.

రాబోయే విడతలో కొత్తగా చేర్చుకునేది 100 మందినే. ఇలా తగ్గించిన 20 మందికి అయ్యే ఖర్చును తరగతి ముగిసినవారి ఇళ్లకు ఆరు నెలలపాటు చదివే సామగ్రి అందించడానికి మళ్లిస్తాం. రెండో పరీక్షలో 54లో 40 అనే నిష్పత్తి మెరుగుపడకపోతే ఆ సామగ్రి పంపిణీని ఆపేస్తాం.